గైడ్‌కు గడువు అడిగే మెయిల్

గడువు పెంచమని గైడ్‌కు రాసేటప్పుడు చాలామంది పరిశోధక విద్యార్థులు నాలుగు పేరాల నిండా కష్టాలు చెప్పుకుని, చివర్లో ‘త్వరలోనే పంపుతాను మేడమ్’ అని ముగిస్తారు. మేడమ్‌కు తెలియాల్సింది ఆ ‘త్వరలో’ ఏ తేదీన వస్తుందన్నదే.

అందుకు కారణం ఉంది. 2022 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ విద్యార్థి ప్రతి సెమిస్టర్‌లోనూ పరిశోధన సలహా సంఘం ముందు హాజరై పని ఎంతవరకు వచ్చిందో చెప్పాలి, నివేదిక ఇవ్వాలి. క్యాంపస్‌లో దాన్ని ఆర్‌ఏసీ అంటారు. ఆ సంఘానికి కన్వీనర్ గైడే. అధ్యాయం ఆలస్యమైతే మిగతా సభ్యులకు జవాబు చెప్పుకోవాల్సింది ఆమె. అంతకుముందే చదివి, దిద్దడానికి ఆమెకు కనీసం వారం కావాలి. అంటే మీ కొత్త తేదీని ఆర్‌ఏసీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావాలి.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. పోచంపల్లి చేనేత కుటుంబాల అప్పుల మీద ఒకమ్మాయి పరిశోధన చేస్తోంది. మూడో అధ్యాయం నవంబర్ 15కి ఇవ్వాలి. ఆర్‌ఏసీ డిసెంబర్ 15న. అక్టోబర్‌లో వాళ్ల నాన్న పది రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. అది నిజమే కానీ, అసలు జాప్యం వేరేచోట ఉంది. నేతగాళ్ల మాటలు తెలుగులో రికార్డు చేసింది. వాటిని విని రాసుకుని, ఇంగ్లిష్‌లోకి మార్చాలి. గంట రికార్డింగ్‌కు రెండు గంటలు చాలనుకుంది. మగ్గం చప్పుడులో మాట వినపడక, వెనక్కి తిప్పి తిప్పి వింటుంటే ఐదు గంటలు పడుతోంది.

ఈ రెండో కారణాన్నే విద్యార్థులు దాచేస్తారు, అంచనా తప్పిందని ఒప్పుకోవడం నామోషీ అనిపించి. నా ఉద్దేశంలో గైడ్ ఎక్కువగా నమ్మేది దాన్నే. ఆసుపత్రి సంగతి ఒక్క వాక్యం చాలు. అడగనిదే డిశ్చార్జ్ కాగితాలు జతచేయనక్కర్లేదు. లేని బామ్మను ఆసుపత్రిలో చేర్చడం మాత్రం వద్దు. వచ్చే సెమిస్టర్‌లో మేడమ్ ఆవిడ యోగక్షేమాలు అడుగుతారు.

ఇక లెక్క. ఇంకా తొమ్మిది గంటల రికార్డింగ్ మిగిలింది, అంటే 45 గంటల పని. పొద్దున ఒక కాలేజీలో పాఠాలు చెబుతుంది కాబట్టి రోజుకు మూడు గంటలే దొరుకుతాయి: పదిహేను రోజులు. రాయాల్సినవి 12 పేజీలు. రోజుకు రెండు చొప్పున ఆరు రోజులు. ఆదివారాలు నాన్న దగ్గర, మరో నాలుగు. మొత్తం 25 రోజులు. నవంబర్ 7న మొదలుపెడితే డిసెంబర్ 1 అవుతుంది. కరెంటుకో జ్వరానికో మూడు రోజులు కలిపితే డిసెంబర్ 4. అప్పటికీ ఆర్‌ఏసీకి పదకొండు రోజులుంటాయి.

నవంబర్ 6న రాసిన మెయిల్ ఇలా ఉండొచ్చు. ఇంగ్లిష్‌లో పంపినా సారం ఇదే:

“విషయం: మూడో అధ్యాయం – గడువు నవంబర్ 15 నుంచి డిసెంబర్ 4కు మార్చమని వినతి

మేడమ్, నమస్కారం. మూడో అధ్యాయం నవంబర్ 15కి పూర్తి చేయలేను. డిసెంబర్ 4 వరకు గడువు ఇవ్వగలరా? అక్టోబర్‌లో నాన్నగారు ఆసుపత్రిలో ఉండటంతో పది రోజులు పని ఆగింది. అంతకంటే ముఖ్యంగా, ఇంటర్వ్యూలు రాసుకోవడానికి పట్టే సమయాన్ని నేను తక్కువగా అంచనా వేశాను. పూర్తయిన 14 పేజీలు జతచేస్తున్నాను. మిగిలిన ఇంటర్వ్యూలు నవంబర్ 24కు ముగించి మీకు తెలియజేస్తాను. మొత్తం అధ్యాయం డిసెంబర్ 4న ఇస్తాను. ఆర్‌ఏసీ సభ్యులకు అంతకన్నా ముందే పంపాల్సి ఉంటే, ఇప్పటికే రాసుకున్న ఇంటర్వ్యూల వరకే అధ్యాయాన్ని కుదించి నవంబర్ 25కు ఇవ్వగలను. ఏది మంచిదో చెప్పండి.”

ఇందులో చివరి రెండు వాక్యాలే నాకు బాగా నచ్చినవి. కుదరదని మేడమ్ అన్నా, ఆమె చేతిలో ఇంకో దారి ఉంటుంది. 14 పేజీలు ఇప్పుడే పంపడం వల్ల ఆమె చదవడం మొదలుపెట్టొచ్చు. పని జరుగుతోందనడానికి వేరే రుజువు అక్కర్లేదు.

ఒక పరిమితి గుర్తుంచుకోవాలి. అధ్యాయానికి గడువు గైడ్ ఇవ్వగలరు గానీ, మొత్తం పీహెచ్‌డీకి ఇవ్వలేరు. ఆ గరిష్ఠ కాలం ఆరేళ్లు. ఆపైన మరో రెండేళ్ల వరకు కావాలంటే యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టుకుని తిరిగి రిజిస్టర్ చేసుకోవాలి. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవాళ్లకు అదనపు సడలింపు ఉంది.

రెండు మూడు రోజుల్లో జవాబు రాకపోతే డిపార్ట్‌మెంట్‌కు వెళ్లి అడగడమే మేలు. మౌనాన్ని అంగీకారంగా తీసుకోకూడదు. నవంబర్ 24న పంపుతానన్న కబురు, పని ఇంకో గంట రికార్డింగ్ మిగిలి ఉన్నా సరే, ఆ రోజే వెళ్లాలి: ఎంత అయింది, ఎంత మిగిలింది, డిసెంబర్ 4 నిలుస్తుందా లేదా.