చిన్న సంఖ్యకు పెద్ద సంచీ ఎందుకు?

షాపింగ్ యాప్ సర్వర్‌కి 'కార్ట్‌లో 5 వస్తువులున్నాయి' అని చెప్పాలి. మామూలుగా పూర్ణసంఖ్యకు నాలుగు బైట్లు కేటాయిస్తారు. 5కి ఒక్కటి చాలు, మిగతా మూడూ ఉత్త సున్నాలే. రోజుకు కోట్లలో వెళ్లే సందేశాలకు ఇది దండగ ఖర్చు. 2008లో గూగుల్ అందరికీ విడుదల చేసిన ప్రోటోకాల్ బఫర్స్ ఈ ఖర్చు తగ్గించడానికి 'వేరింట్' పద్ధతి వాడుతుంది. సంఖ్యను బట్టి బైట్లు.

బైట్ల లెక్క మారుతూ ఉంటే, సంఖ్య ఎక్కడ ముగిసిందో చదివే ప్రోగ్రాముకు తెలిసేదెలా? బైటులోని ఎనిమిది బిట్లలో ఏడింటినే సంఖ్యకు వాడి, పై బిట్టును గుర్తుగా ఉంచారు. అది 1 అయితే ఇంకా ఉందని, 0 అయితే అయిపోయిందని అర్థం. రైలు చివరి పెట్టె వెనక కనిపించే X గుర్తు లాంటిదే ఇదీ.

500ని పంపి చూద్దాం. ఏడు బిట్లలో 0 నుంచి 127 దాకా పడతాయి కాబట్టి 128తో భాగించాలి. భాగఫలం 3, శేషం 116. ముందు శేషం వెళ్తుంది. వెనక ఇంకా ఉంది కనుక పై బిట్టు వెలిగించాలి, అంటే 128 కలపాలి: 244. తర్వాత 3 ఉన్నదున్నట్టే. రెండు బైట్లు: 244, 3. అవతల చదివేటప్పుడు 244 నుంచి 128 తీసేస్తే 116. తర్వాతి 3ని 128తో గుణిస్తే 384. రెండూ కలిపితే 500.

వరుస ముఖ్యం. సంగీతానికి వాడే మిడి ఫైళ్లలోనూ ఇదే ఏడు బిట్ల ఉపాయం ఉంది కానీ, అక్కడ పెద్ద భాగం ముందొస్తుంది. అవే బైట్లను ఆ లెక్కన చదివితే 14,851 వస్తుంది.

అసలు చిక్కు రుణసంఖ్యలతో. ఫీల్డును `int32` అని రాసి −1 పంపితే, దాన్ని 64 బిట్లకు సాగదీస్తారు. అన్నీ 1లే కావడంతో ఏకంగా పది బైట్లు పడతాయి. ఎర్రర్ ఏమీ రాదు, సందేశం ఉబ్బుతుంది, అంతే. సైజు కొలిచి చూసినవాళ్లకే దొరుకుతుంది. దీనికి మందు `sint32`. ఇది 0, −1, 1, −2లను వరుసగా 0, 1, 2, 3గా మార్చి పంపుతుంది. కాబట్టి −1కి ఒక్క బైటే. అయితే ఈ నిర్ణయం మొదట్లోనే తీసుకోవాలి. `int32`గా దాచిన 1ని తర్వాత `sint32`గా చదివితే −1 అవుతుంది!

చదివే ప్రోగ్రాము కూడా ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. 64 బిట్ల సంఖ్యకు పది బైట్లు మించవు. పదోదానిలోనూ 'ఇంకా ఉంది' అనే గుర్తే కనిపిస్తే ఆ డేటా చెడిపోయినట్టే, అక్కడే ఆపేయాలి.

ఇక విలువలు తరచూ 26.84 కోట్లు దాటే చోట వేరింట్‌కి అయిదు బైట్లు పడతాయి. అలాంటి ఫీల్డుకు నాలుగు బైట్ల `fixed32`యే మేలు.