మల్లెపూల బండికి ఎన్ని మూరలు?

వేసవి సాయంత్రం గుడి ముందు మల్లెపూలు అమ్మే ఆవిడ, ఎంతమంది కొంటారో తెలియకముందే, మధ్యాహ్నానికల్లా ఎన్ని మూరలు తెచ్చుకోవాలో తేల్చుకోవాలి. మిగిలినవి మర్నాటికి వాడిపోతాయి. పొద్దున పేపర్లు అమ్మేవాళ్లదీ ఇదే చిక్కు కాబట్టి ఈ లెక్కకు న్యూస్‌వెండర్ మోడల్ అని పేరొచ్చింది. బ్యాంకు ఎంత నగదు దగ్గర ఉంచుకోవాలన్న ప్రశ్నకు 1888లోనే ఎడ్జ్‌వర్త్ అనే ఆర్థికవేత్త ఇలాంటి లెక్కే వేశాడు.

మూర 20 రూపాయలకు కొని 50కి అమ్ముతుందనీ, రాత్రి మిగిలినవి 10కి ఇచ్చేస్తుందనీ అనుకుందాం. అడిగినప్పుడు పూలు లేకపోతే మూరకు 30 రూపాయల లాభం పోతుంది. మిగిలిపోతే 10 రూపాయలు నష్టం. మొదటిదాన్ని రెండింటి మొత్తంతో, అంటే 30ని 40తో భాగిస్తే 75 శాతం వస్తుంది. దీన్నే కీలక నిష్పత్తి అంటారు. నూటికి కనీసం 75 రోజులు అడిగినవాళ్లందరికీ సరిపోయేంత సరుకు తెచ్చుకోమని దీని అర్థం.

ఇరవై మామూలు సాయంత్రాల గిరాకీ చూద్దాం: 2 రోజులు 40 మూరలు, 4 రోజులు 50, 6 రోజులు 60, 4 రోజులు 70, 3 రోజులు 80, ఒకరోజు 90. సగటు 62న్నర. చాలామంది సగటు దగ్గరే ఆగిపోతారు. కానీ 60 మూరలు 20లో 12 రోజులకే, అంటే 60 శాతానికే సరిపోతాయి. 70 తెస్తే 16 రోజులు, 80 శాతం. కాబట్టి జవాబు 70.

నమ్మకం కుదరకపోతే ఇంకోలా చూడండి. అరవై దాటాక తెచ్చే ఒక్కో మూర అమ్ముడయ్యే అవకాశం 40 శాతం. సగటున 12 రూపాయలు వస్తాయి, 6 పోతాయి. తేవచ్చు. డెబ్బై దాటితే ఆ అవకాశం 20 శాతమే. వచ్చేది 6, పోయేది 8. అక్కడ ఆగాలి.

ఇలా తెస్తే 20 రోజుల్లో 12 రోజులు ఎంతోకొంత మిగులుతుంది. దాన్ని చూసి లెక్క తప్పిందని మర్నాడు సరుకు తగ్గించేయడమే అసలు పొరపాటు అని నా అభిప్రాయం. రాత్రి 10కి కూడా ఎవరూ కొనకపోతే మాత్రం సంగతి వేరు. అప్పుడు మిగిలిన మూరకు పూర్తి 20 నష్టం, నిష్పత్తి 60 శాతానికి దిగుతుంది, 60 మూరలే చాలు.

శ్రావణ శుక్రవారాల గిరాకీని ఈ ఇరవై రోజుల్లో కలపకూడదు, దాని లెక్క విడిగా రాసుకోవాలి. అంతకంటే కనిపించని చిక్కు ఇంకొకటుంది. ఏడింటికే పూలు అయిపోయిన రోజున పుస్తకంలో అమ్మింది మాత్రమే పడుతుంది, తర్వాత వచ్చి ఖాళీగా వెళ్లినవాళ్లు పడరు. ఆ అంకెల్నే గిరాకీ అనుకుంటే రానురాను సరుకు తగ్గిపోతుంది. ఎన్నింటికి అయిపోయాయో, ఆ తర్వాత ఎంతమంది అడిగారో కూడా రాసిపెట్టుకోవాలి.