పెద్ద మొత్తం బదిలీకి అడ్డుపడే పరిమితులు: ఏది ఎక్కడ ఆపుతుంది, ఎలా పెంచుకోవాలి

బ్యాంకు ఖాతాలో ఎంత డబ్బున్నా, అదంతా ఒకేసారి ఫోన్‌లోంచి పంపడానికి వీలుండదు. ఒక్కో బదిలీలో ఎంత పంపవచ్చు, ఒక రోజు మొత్తంలో ఎంత పంపవచ్చు అనే రెండు హద్దులు దాదాపు ప్రతి ఖాతాకూ ఉంటాయి. నెలసరి ఖర్చులకు ఇవి అడ్డురావు కాబట్టి చాలామందికి వీటి సంగతే తెలియదు. ఇల్లు కొన్నప్పుడో, పెళ్లి ఖర్చులప్పుడో, ఆసుపత్రి బిల్లు కట్టాల్సి వచ్చినప్పుడో ఒక్కసారిగా ఎదురవుతాయి.

అలా ఆగిన బదిలీని ముందుకు కదిలించాలంటే మొదట తెలియాల్సింది, దాన్ని ఆపింది ఏ పరిమితి అని. పరిమితి అన్నది ఒకటే మాటైనా దాని వెనుక నాలుగు వేర్వేరు అడ్డంకులున్నాయి. మొదటిది చెల్లింపు వ్యవస్థ విధించినది. రెండోది ఖాతా ఉన్న బ్యాంకు పెట్టినది. మూడోది ఖాతాదారు తన ఖాతాకు తానే పెట్టుకున్నది, లేదా ఖాతా తెరిచిన రోజు నుంచీ మార్చకుండా వదిలేసినది. నాలుగోది కొత్తగా చేర్చిన ఖాతాకో, కొత్త ఫోన్‌కో వర్తించే నిరీక్షణ గడువు. ఒకదాన్ని తొలగించే పద్ధతి మరొకదానికి పనిచేయదు.

వ్యవస్థ విధించిన హద్దు

యూపీఐలో ఒక వ్యక్తి మరో వ్యక్తికి రోజుకు లక్ష రూపాయల వరకే పంపగలరు. ఈ హద్దు పెట్టింది యూపీఐని నడిపే నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్. ఆసుపత్రులకు, విద్యాసంస్థలకు చేసే చెల్లింపులకు, పన్నులకు ఒక్కో బదిలీలో రూ.5 లక్షల వరకు వెసులుబాటు ఉంది. కానీ ఇల్లు అమ్ముతున్న వ్యక్తి ఖాతాకు పంపేటప్పుడు అది వర్తించదు. ఈ లక్షను బ్యాంకు మేనేజరు కూడా పెంచలేరు. కొన్ని బ్యాంకులు తమ ఖాతాదారులకు అంతకంటే తక్కువ హద్దు పెట్టుకోవచ్చు గానీ, ఎక్కువ ఇవ్వలేవు. ఇక్కడ మిగిలిన మార్గం, దారి మార్చడమే.

ఆ దారులు మూడు. ఐఎంపీఎస్‌లో డబ్బు అప్పటికప్పుడే చేరుతుంది. 2021 అక్టోబరులో దాని హద్దును రూ.2 లక్షల నుంచి రూ.5 లక్షలకు పెంచారు. నెఫ్ట్‌లో బదిలీలు అరగంటకో విడత చొప్పున కదులుతాయి. దానికి రిజర్వు బ్యాంకు గరిష్ఠ పరిమితి పెట్టలేదు. ఆర్‌టీజీఎస్ పెద్ద మొత్తాల కోసమే ఏర్పాటైంది. దానిలో కనీసం రూ.2 లక్షలు పంపాలి, గరిష్ఠ పరిమితి లేదు. నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి, ఆర్‌టీజీఎస్ 2020 డిసెంబరు నుంచి సెలవు రోజుల్లో సహా ఇరవై నాలుగు గంటలూ నడుస్తున్నాయి.

బ్యాంకు హద్దు, సొంత హద్దు

నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లకు వ్యవస్థాపరంగా గరిష్ఠం లేకపోయినా, ఆన్‌లైన్‌లో పంపేటప్పుడు బ్యాంకు తన హద్దు తాను పెడుతుంది. ఖాతాదారు పాస్‌వర్డు దొంగ చేతిలో పడితే ఒక్క రాత్రిలో ఖాతా మొత్తం ఖాళీ కాకుండా చూడటం దీని ఉద్దేశం. ఇది బ్యాంకును బట్టి, ఖాతా రకాన్ని బట్టి మారుతుంది. ఒకే బ్యాంకులో కూడా మొబైల్ యాప్‌కు ఒక హద్దు, నెట్ బ్యాంకింగ్‌కు అంతకంటే పెద్ద హద్దు ఉండటం మామూలే. యాప్‌లో ఆగిపోయిన మొత్తం కంప్యూటరులో నెట్ బ్యాంకింగ్ తెరిస్తే వెళ్లిపోవడానికి కారణం ఇదే.

బ్యాంకు ఇచ్చిన గరిష్ఠానికి లోబడి ఖాతాదారుకు సొంత హద్దు ఉంటుంది. చాలా ఖాతాల్లో ఇది మొదటి నుంచీ తక్కువగానే ఉంటుంది. బ్యాంకు రూ.10 లక్షల వరకు అనుమతిస్తున్నా, ఖాతాదారు హద్దు రూ.2 లక్షలే ఉంటే ఆ రెండు లక్షల దగ్గరే బదిలీ ఆగుతుంది. దీన్ని పెంచుకోవడానికి ఎవరినీ అడగనక్కర్లేదు. నెట్ బ్యాంకింగ్‌లోకి లాగిన్ అయి, ప్రొఫైల్ లేదా సెట్టింగుల్లో బదిలీ పరిమితులను చూపే చోటికి వెళ్లి, కొత్త మొత్తం వేసి, రిజిస్టర్డ్ మొబైల్‌కు వచ్చిన ఓటీపీతో ఖరారు చేస్తే సరిపోతుంది. హద్దు తగ్గిస్తే వెంటనే అమలవుతుంది. పెంచినప్పుడు మాత్రం కొన్ని బ్యాంకులు కొన్ని గంటలు ఆగమంటాయి. బ్యాంకు ఆన్‌లైన్‌లో ఇచ్చే గరిష్ఠమే చాలకపోతే బ్రాంచిలో దరఖాస్తు ఇచ్చి అడగవచ్చు, లేదా ఆ బదిలీని బ్రాంచిలోనే చేయించుకోవచ్చు.

నిరీక్షణ గడువు

నాలుగో అడ్డంకి కాలం గడిస్తే తప్ప తొలగదు. నెట్ బ్యాంకింగ్‌లో కొత్త ఖాతాను బెనిఫిషియరీగా చేర్చిన వెంటనే దానికి పెద్ద మొత్తం వెళ్లదు. అరగంట నుంచి ఒక రోజు వరకు, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ కాలం, అసలు పంపనివ్వకపోవడమో, కొద్ది మొత్తానికే అనుమతించడమో జరుగుతుంది. యూపీఐని కొత్తగా నమోదు చేసుకున్నా, ఫోన్ మార్చినా మొదటి 24 గంటలు సాధారణంగా రూ.5,000 వరకే పంపగలరు. మోసగాడు ఖాతాలోకి చొరబడి తన ఖాతాను చేర్చుకున్నా, అసలు ఖాతాదారుకు వచ్చిన సందేశం చదువుకుని మేలుకోవడానికి ఈ వ్యవధి దొరుకుతుంది. అందుకే కస్టమర్ కేర్‌ను ఎంత బతిమాలినా దీన్ని సడలించరు.

ఏది ఆపిందో తెలుసుకోవడం

పరిమితి వల్ల ఆగిన బదిలీలో ఖాతా నుంచి డబ్బు కదలదు. ఆరంభంలోనే తిరస్కరణ వస్తుంది. డబ్బు తగ్గి, అవతలి ఖాతాలో చేరకపోతే అది పరిమితి సమస్య కాదు, మధ్యలో చిక్కుకున్న బదిలీ. అప్పుడు హద్దు పెంచుకుని మళ్లీ పంపితే రెండుసార్లు చెల్లించినట్లవుతుంది. స్టేట్‌మెంటు చూసి, బ్యాంకు తేల్చే వరకు ఆగాలి. యూపీఐలో తిరస్కరణతో పాటు ఒక కోడ్ కనిపిస్తే అది కారణం చెబుతుంది. `Z8` అంటే ఒక్కో బదిలీకి బ్యాంకు పెట్టిన హద్దు దాటింది. `Z7` అంటే ఎన్నిసార్లు పంపవచ్చో ఆ లెక్క దాటింది. మొత్తం తగ్గించి ప్రయత్నించినా వెళ్లదు. `Z9` అంటే ఖాతాలో డబ్బు చాలలేదు.

ఒక రిజిస్ట్రేషన్ రోజు

కరీంనగర్‌లో రూ.38 లక్షలకు ఇల్లు కొంటున్న కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ఒప్పందం నాడు రూ.8 లక్షలు చెక్కుతో ఇచ్చారు. రూ.20 లక్షలు గృహరుణంగా బ్యాంకే అమ్మేవారికి ఇస్తుంది. మిగిలిన రూ.10 లక్షలు గురువారం రిజిస్ట్రేషన్ రోజున కొనుగోలుదారు తన పొదుపు ఖాతా నుంచి పంపాలి.

సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో కూర్చుని ఆయన యూపీఐలో రూ.10 లక్షలు కొట్టారు, యాప్ ఒప్పుకోలేదు. లక్ష కొడితే వెళ్లింది. రెండో లక్ష ఆగింది, ఎందుకంటే రోజువారీ హద్దు మొదటి లక్షతోనే నిండింది. నెట్ బ్యాంకింగ్‌లో అమ్మేవారి ఖాతాను చేర్చారు. కొత్త ఖాతా కాబట్టి మొదటి 24 గంటలు రూ.50,000 దాటి పంపలేరని సందేశం వచ్చింది. ఇప్పుడు ఆయన సొంత హద్దు పెంచుకున్నా ప్రయోజనం లేదు, ఆపుతున్నది నిరీక్షణ గడువు.

మిగిలిన రూ.9 లక్షలకు బ్రాంచి ఒక్కటే దారి. ఆర్‌టీజీఎస్ ఫారం నింపి, అంత మొత్తానికి చెక్కు రాసి, రెండింటి మీదా బ్యాంకులో ఉన్న సంతకమే చేసి ఇస్తే చాలు. ఫారంలో అమ్మేవారి పేరు, ఖాతా సంఖ్య, వారి బ్రాంచి ఐఎఫ్ఎస్‌సీ కోడ్ రాయాలి. ఆ కోడ్‌లో పదకొండు అక్షరాలు, అంకెలుంటాయి; అయిదోది ఎప్పుడూ సున్నా. రూ.5 లక్షలు దాటిన ఆర్‌టీజీఎస్‌కు బ్రాంచిలో వసూలు చేసే రుసుము రూ.49.50 మించకూడదు, జీఎస్టీ కలిపినా రూ.60 లోపే. డబ్బు అందిన అరగంటలో అమ్మేవారి ఖాతాలో జమ చేయాల్సిన బాధ్యత వారి బ్యాంకుది. బదిలీకి గుర్తుగా వచ్చే యూటీఆర్ నంబరును దస్తావేజులో రాయించుకోవచ్చు.

ఈ హడావుడి తప్పాలంటే మూడు రోజుల ముందు, సోమవారమే, అమ్మేవారి ఖాతాను చేర్చి ఉండాల్సింది. మర్నాటికి గడువు తీరేది. వారికి రూ.1,000 పంపి, చేరిందని వారి నోటితో విన్నాక సొంత హద్దును రూ.10 లక్షలకు పెంచుకుంటే, గురువారం ఒకే ఆర్‌టీజీఎస్‌తో పని పూర్తయ్యేది. పని ముగిశాక అదే రోజు హద్దును పాత స్థాయికి దించుకోవడం ఈ క్రమంలో చివరి మెట్టు. ఆర్‌టీజీఎస్ వ్యవస్థ రోజంతా నడిచినా బ్రాంచి నడవదు కాబట్టి, రెండో, నాలుగో శనివారాల్లో రిజిస్ట్రేషన్ పెట్టుకునేవారు శుక్రవారమే బ్రాంచి పని ముగించుకోవాలి.

పొరపాట్లు, మోసాలు

హద్దు అడ్డుపడినప్పుడు తోచే అడ్డదారి, బంధువుల ఖాతాలకు లక్ష చొప్పున పంపి వారి ఫోన్ల నుంచి కట్టించడం. డబ్బు చేరుతుంది గానీ, చెల్లించింది కొనుగోలుదారే అని తర్వాత చూపడం కష్టమవుతుంది. ఆదాయపు పన్ను శాఖ అడిగితే ఒక్కో బంధువు ఖాతాలో ఎందుకు డబ్బు పడి బయటికి పోయిందో వివరించాల్సి వస్తుంది. మిగిలినది నగదుగా ఇవ్వడం మరీ ప్రమాదం. ఆస్తి అమ్మకంలో రూ.20,000, అంతకుమించి నగదు తీసుకుంటే అంతే మొత్తం జరిమానా పడే నిబంధన ఆదాయపు పన్ను చట్టంలో ఉంది.

తప్పు ఖాతాకు పంపడం రెండో ప్రమాదం. నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లలో డబ్బు ఖాతా సంఖ్యను బట్టే జమవుతుంది, ఫారంలో రాసిన పేరును బట్టి కాదు. ఒక్క అంకె మారి అది మరొకరి ఖాతా అయితే డబ్బు వారికే చేరుతుంది. అందుకే పంపేముందు అవతలి ఖాతాదారు పేరును తెరమీద చూపే ఏర్పాటును రిజర్వు బ్యాంకు ఈ రెండు పద్ధతుల్లోకీ తెచ్చింది. అక్కడ కనిపించిన పేరు అమ్మేవారిదేనా అని చూసుకున్న తర్వాతే ముందుకు వెళ్లాలి.

మూడోది మోసం. బ్యాంకు నుంచి అంటూ ఫోన్ చేసి, లిమిట్ పెంచుతామని ఓటీపీ అడిగేవారు, తెరను పంచుకునే యాప్ వేసుకోమనేవారు ఉంటారు. హద్దు పెంచడం ఖాతాదారు తన లాగిన్‌లోనో, బ్రాంచిలో తన సంతకంతోనో చేసుకునే పని. దానికి ఓటీపీని మరొకరికి చెప్పాల్సిన సందర్భమే రాదు. అలా చెప్పి మోసపోయినవారు వెంటనే 1930కు ఫోన్ చేసి, బ్యాంకుకు కూడా తెలియజేయాలి. డబ్బు చేతులు మారకముందే ఫిర్యాదు అందితే దాన్ని ఆపే అవకాశం ఉంటుంది.