కాలిందా? ఆకు రాలిందా?

2014 మార్చిలో తిరుమల చుట్టూ శేషాచలం అడవి తగలబడినప్పుడు మంటలు ఆర్పడానికి వైమానిక దళం హెలికాప్టర్లను కూడా దించాల్సి వచ్చింది. పులివెందుల వైపు పాలకొండలు, ప్రొద్దుటూరుకు తూర్పున లంకమల, జమ్మలమడుగు దగ్గర ఎర్రమల కూడా ఇలాంటి అడవులే. ఎక్కువ భాగం ఎండాకాలంలో ఆకు రాల్చే చెట్లు, ముళ్ల పొదలు. మంట ఆరాక ఎన్ని హెక్టార్లు కాలిందో కొండంతా తిరిగి కొలవలేం. అందుకే మంటకు ముందు, తర్వాత ఉపగ్రహం తీసిన రెండు చిత్రాలను పోలుస్తారు. చిత్రాలు ఉచితమే. ఇంట్లో కూర్చుని మీరూ చేయొచ్చు. చిక్కంతా 'ముందు' చిత్రంగా దేన్ని తీసుకున్నారన్న దగ్గరే ఉంది.

పచ్చని ఆకు మన కంటికి కనిపించని నియర్ ఇన్‌ఫ్రారెడ్ కాంతిని బాగా వెనక్కి పంపిస్తుంది. షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్‌ను మాత్రం ఆకులోని నీరు పీల్చేసుకుంటుంది. అడవి కాలితే మొదటిది పడిపోతుంది, రెండోది పెరుగుతుంది. ఈ రెండిటి తేడాను వాటి మొత్తంతో భాగిస్తే వచ్చేదే ఎన్‌బీఆర్. ముందు విలువలోంచి తర్వాతి విలువ తీసేస్తే డీఎన్‌బీఆర్. మార్పు ఎంత పెద్దదైతే ఈ అంకె అంత పెద్దది.

శేషాచలం మంట నాటికి సెంటినెల్-2 ఇంకా ఆకాశంలోకి వెళ్లలేదు. కాబట్టి ల్యాండ్‌శాట్-8 వాడాలి. గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో లెక్క ఇంతే:

```
var nbr = function(img) {
  return img.select(['SR_B5', 'SR_B7'])
    .multiply(0.0000275).add(-0.2)
    .normalizedDifference(['SR_B5', 'SR_B7']);
};
var dnbr = nbr(before).subtract(nbr(after));
```

మూడో లైను వదిలేస్తే కోడ్ ఏ ఎర్రరూ చూపకుండా నడుస్తుంది, కానీ అంకెలన్నీ తప్పు. ఆ -0.2 కలపకపోతే నిష్పత్తే మారిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. జనవరిలో చిత్రం మబ్బుల్లేకుండా, పచ్చగా ఉందని దాన్నే 'ముందు' చిత్రంగా పెట్టుకున్నారనుకోండి. లెక్క సులువుగా ఉండేందుకు కొన్ని అంకెలు వేసుకుందాం. జనవరిలో రెండు కాంతులూ 0.26, 0.14 అయితే ఎన్‌బీఆర్ 0.30. కాలిన చోట మార్చి చివర్లో అవి 0.14, 0.18. ఎన్‌బీఆర్ మైనస్ 0.125, తేడా 0.425. పక్క కొండ కాలలేదు, ఆకు మాత్రం రాలింది. అక్కడ 0.22, 0.18. ఎన్‌బీఆర్ 0.10, తేడా 0.20. అమెరికా అడవుల కోసం తయారైన పట్టికలో 0.10 దాటితే 'స్వల్పంగా కాలింది' అని రాసుంటుంది. అంటే నిప్పే పడని కొండ మీ మ్యాపులో కాలిపోయింది!

దీనికి మందు, మంటకు వీలైనంత దగ్గరి తేదీ చిత్రం తీసుకోవడం. ల్యాండ్‌శాట్-8 ఒకే చోటికి 16 రోజులకోసారి వస్తుంది కాబట్టి ఫిబ్రవరి చివర, మార్చి మొదట వెతకాలి. నిరుడు ఇదే నెల చిత్రంతో పోల్చడం ఇంకో దారి. కానీ ల్యాండ్‌శాట్-8 2013 ఫిబ్రవరిలోనే ఎగిరింది. ఆ మార్చికి ఇంకా పరీక్షల దశలోనే ఉంది. ఇప్పటి మంటలకైతే సెంటినెల్-2 పాత చిత్రాలు దొరుకుతాయి. అందులో B8A, B12 బ్యాండ్లు వాడాలి.

అప్పటికీ కొంత తేడా మిగులుతుంది. కాలలేదని ఖాయంగా తెలిసిన, అదే రకం అడవి ముక్కను పక్కనే ఎంచుకుని, దాని సగటు తేడాను మొత్తం మ్యాపులోంచి తీసేయండి. పై ఉదాహరణలో 0.425 నుంచి 0.20 పోతే మిగిలేది 0.225. పక్క కొండ సున్నాకి వచ్చేస్తుంది, కాలిన కొండ మాత్రం నిలబడుతుంది.

మ్యాపు చూస్తూనే కొంత పట్టేయొచ్చు. ఆకు రాలిన చోట రంగు మెల్లగా మారుతూ పోతుంది. మంట మచ్చ బాటల దగ్గరో, వంకల దగ్గరో, అటవీ శాఖ వేసిన ఫైర్‌లైన్ల దగ్గరో కోసినట్టు ఆగిపోతుంది. నాసా ఫర్మ్స్ సైట్‌లో ఆ తేదీల మంట చుక్కలు తెచ్చి పైన పరిచి చూడండి. చుక్క పడితే నమ్మకం పెరుగుతుంది. పడకపోతే మాత్రం కాలలేదని కాదు. ఉపగ్రహం రెండుసార్లు వచ్చే మధ్యలో చిన్న మంట పుట్టి ఆరిపోవచ్చు.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు నల్లరేగడి చేలు ఇంకో తంటా. శనగ కోసేశాక పచ్చదనం పోయి నేల బయటపడితే అచ్చం కాలినట్టే వస్తుంది. అడవి హద్దుతో కత్తిరించాకే హెక్టార్లు లెక్కపెట్టాలి. నాపరాళ్ల గనులతో అంత బాధ లేదు. మారని రాయి రెండు చిత్రాల్లోనూ ఒకటే, తీసివేతలో కొట్టుకుపోతుంది. గని కొత్తగా పెరిగిన అంచే జాగ్రత్తగా చూడాలి.

ల్యాండ్‌శాట్ పిక్సెల్ 900 చదరపు మీటర్లు. వెయ్యి పిక్సెళ్లంటే 90 హెక్టార్లు. ఎక్కడ గీత గీశారన్నదాన్ని బట్టి ఈ అంకె కదులుతుంది. అందుకే 0.10 దగ్గర ఎంత, 0.15 దగ్గర ఎంత అని రెండూ రాయండి. 'తర్వాత' చిత్రానికీ గడువుంది. ఇక్కడి మంట ఎక్కువగా గడ్డి, రాలిన ఆకుల మీదుగానే పాకుతుంది. గాలికి బూడిద లేచిపోయి, తొలి వానకు గడ్డి మొలిస్తే ఆ మచ్చ చిత్రంలో దొరకదు.