కాదనడం నేర్చుకున్న యంత్రం

1966లో ఎం.ఐ.టి. ఆచార్యుడు జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలిజా అనే ప్రోగ్రామును లోకానికి పరిచయం చేశాడు. మనసు విప్పుకోవడానికి వచ్చినవాళ్ళతో వైద్యుడిలా మాట్లాడటం దాని పని. మనం రాసిన వాక్యంలో తనకు తెలిసిన మాట దొరికితే దాన్నే తిప్పి ప్రశ్నగా వేసేది. ఏదీ దొరక్కపోతే, ఊఁ, ఇంకా చెప్పండి అనేది. అమ్మ గురించి చెప్పినా, వాన గురించి చెప్పినా దానికి ఒకటే. సంబంధం లేని మాట అనేదే దాని లెక్కలో లేదు, కాబట్టి ఎవరినీ కాదనాల్సిన అవసరమూ రాలేదు.

యాభై ఏళ్ళు తిరిగేసరికి దాని వారసులు బ్యాంకుల్లో చేరారు. మన దగ్గర హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు 2017లో ఇవాను తెచ్చింది. అమెరికాలో బ్యాంక్ ఆఫ్ అమెరికా 2018లో ఎరికాను తెచ్చింది. డబ్బు పోయిందని వచ్చినవాడికి ఇంకా చెప్పండి అంటే ఒళ్ళు మండుతుంది. ఇక్కడ పని చేసిపెట్టాలి, లేదా ఇది నా వల్ల కాదని మర్యాదగా చెప్పాలి. రెండోది ఎంత కష్టమో వీటిని తయారుచేసినవాళ్ళకు పనిలో దిగాకే తెలిసింది.

ఇలాంటి బాట్ ముందుగా మన మాట వెనక ఉన్న పని ఏమిటో తేల్చుకుంటుంది. ఇందుకు వాడే పాఠాల్లో 2020లో వచ్చిన బ్యాంకింగ్77 బాగా పేరున్నది. కస్టమర్లు అడిగే తీరులో ఉన్న 13 వేల పైచిలుకు ఇంగ్లీషు వాక్యాలను అందులో 77 పనుల కింద విడదీశారు. కార్డు ఇంకా రాలేదు, ఏటీఎంలో డబ్బు తక్కువ వచ్చింది, ఇలాంటివి. కొత్త వాక్యం రాగానే యంత్రం ఆ 77కూ తలా ఒక వాటా పంచుతుంది. అన్నీ కలిపితే నూరు శాతం అవ్వాలి. ఎక్కువ వాటా దేనికి వస్తే అదే కస్టమర్ అడిగిందని అనుకుంటుంది.

చిక్కంతా ఆ నూరు దగ్గరే ఉంది. చికెన్ పులుసు ఎలా వండాలి అని అడిగినా నూరు శాతాన్నీ ఆ 77కే పంచి తీరాలి. ఇవేవీ కావు అని చెప్పే గడి లేదు. పంచగా పంచగా కార్డు పంపిణీకో, మారకపు రేటుకో పెద్ద వాటా పడుతుంది, బాట్ తొణక్కుండా దాని గురించి చెప్పుకుపోతుంది. క్లింక్150 అనే పాఠాలను తయారుచేసిన అమెరికా పరిశోధకులు 2019లో దీన్ని పరీక్షించారు. తెలిసిన పనులను చక్కగా గుర్తుపట్టే యంత్రాలే, తమ పరిధిలో లేనివాటిని గుర్తుపట్టడంలో బాగా తడబడ్డాయి.

దీనికి రెండు మందులున్నాయి. ఇవేవీ కావు అనే గడి ఒకటి చేర్చి, సినిమాలు, క్రికెట్, జాతకాలు అడిగే వాక్యాలతో దానికీ పాఠం చెప్పడం ఒకటి. పెద్ద వాటా ఒక గీత దాటితేనే జవాబివ్వాలని నియమం పెట్టడం రెండోది. గీతను ఎక్కడ గీయాలన్నదే అసలు తలనొప్పి. వెయ్యి మెసేజీలు వచ్చాయనుకుందాం, వాటిలో 950 బ్యాంకు పనులు, 50 పిచ్చాపాటీ. గీత దగ్గర పెట్టిన కాపలా పిచ్చాపాటీలో 90 శాతాన్ని పట్టుకుంటుంది, బ్యాంకు పనుల్లో 4 శాతాన్ని మాత్రం పొరపాటున వెనక్కి పంపుతుంది. వినడానికి బాగానే ఉంది. లెక్క వేస్తే ఆపినవాటిలో 45 నిజంగా ఆపాల్సినవి, 38 అసలైన కస్టమర్లవి. అంటే క్షమించండి అనిపించుకున్నవాళ్ళలో దగ్గర దగ్గర సగంమంది పని మీద వచ్చినవాళ్ళే! నా మటుకు నాకు, పులుసు ఎలా వండాలో నాలుగుసార్లు చెప్పినా బ్యాంకుకు పోయేదేమీ లేదు, కార్డు పోగొట్టుకున్నవాణ్ణి ఒక్కసారి పొమ్మనడమే ఖరీదు.

తిట్ల సంగతి ఇంతకన్నా చిక్కు. తిట్టుమాటల పట్టీ పెట్టి, ఏది కనిపించినా సంభాషణ ఆపేయడం పాత పద్ధతి. ఈ మెసేజీ చూడండి: “దొంగ వెధవల్లారా, ఏటీఎం నా 5 వేలు మింగింది, సిగ్గులేదా మీకు?” పట్టీ దీన్ని ఇట్టే పట్టుకుని, దయచేసి మర్యాదగా మాట్లాడండి అంటుంది. డబ్బు పోయినవాడికి నీతిపాఠం! తిట్టు తీసేసి చదివితే అందులో నిఖార్సైన ఫిర్యాదు ఉంది. ఏటీఎంలో నోట్లు రాకుండా ఖాతాలో కోత పడితే, లావాదేవీ జరిగిన రోజు కాక మరో 5 రోజుల్లోపు బ్యాంకు తనంతట తానే తిరిగి జమచేయాలి. ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలి. ఇది రిజర్వు బ్యాంకు 2019లో పెట్టిన నియమం. కాబట్టి బాట్ అనాల్సింది ఇది: “మీ 5 వేలు రాకుండానే ఖాతాలో కట్ అయ్యాయి, అర్థమైంది. ఏ రోజు జరిగిందో చెప్పండి, ఫిర్యాదు నమోదు చేస్తాను.” తిట్టు ఊసే అక్కర్లేదు. అందుకే ఇప్పుడు తిట్టు ఉందా, పని ఉందా అన్న రెండు ప్రశ్నలను విడివిడిగా వేస్తారు. రెండూ ఉంటే పనిదే పైచేయి.

పని ఏదీ లేకుండా ఉత్త తిట్లే వస్తే? సిరి వంటి సహాయక ప్రోగ్రాములు ఒకప్పుడు బూతుకు సిగ్గుపడుతూ సరసంగా బదులిచ్చేవి. 2019లో యునెస్కో నివేదిక దీన్ని ఎండగట్టి, సిరి ఇచ్చిన అలాంటి జవాబునే తన పేరుగా పెట్టుకుంది. బాట్ నవ్వకూడదు, అలగకూడదు, తిరిగి అనకూడదు. “ఈ మాటలకు ఇక్కడ జవాబు ఇవ్వలేను. ఖాతా, కార్డు, లోను విషయం ఏదైనా ఉంటే చెప్పండి” అని ఒకసారి అంటే చాలు. మళ్ళీ అదే వస్తే సంభాషణ ముగించవచ్చు గానీ, కార్డు బ్లాక్ చేసే దారి మాత్రం తెరిచే ఉంచాలి. అప్పు కట్టలేక చచ్చిపోవాలనుంది అని రాసినవాళ్ళను తిట్ల గడిలోనూ, పిచ్చాపాటీ గడిలోనూ వేయకూడదు. వాళ్ళకు టెలీ మానస్ 14416 నంబరు ఇచ్చి, వెంటనే మనిషికి అప్పగించాలి.

మాట తీరులో తరచూ కనిపించే తప్పు ఇంకొకటి. క్రికెట్ స్కోరు అడిగితే “మీ ప్రశ్న అర్థం కాలేదు” అంటాయి కొన్ని బాట్లు. పాపం అడిగినవాడు నిజమే కాబోలనుకుని మాట మార్చి మళ్ళీ మళ్ళీ అడుగుతాడు. “స్కోర్లు ఇక్కడ చెప్పలేను” అంటే ఒక్కసారితో సరిపోతుంది.

స్వయంగా వాక్యాలు అల్లే పెద్ద భాషా నమూనాలు వచ్చాక కథ మళ్ళీ మొదటికి వచ్చింది. 2024 జనవరిలో బ్రిటన్ పార్శిల్ సంస్థ డీపీడీ బాట్, కస్టమర్ పురమాయించగానే బూతులు మాట్లాడి, తన సంస్థనే తిడుతూ కవిత అల్లింది. సిస్టమ్ అప్‌డేట్ తర్వాత వచ్చిన లోపమని చెప్పి సంస్థ ఆ భాగాన్ని ఆపేసింది. బ్యాంకు విషయాలే మాట్లాడు అని ముందుగా ఆదేశం రాసిపెట్టినా, ఆ ఆదేశమూ కస్టమర్ మాటా చివరికి ఒకే అక్షరాల వరసగా నమూనాకు చేరతాయి. ఏది యజమాని మాటో, ఏది బయటివాడి మాటో అది గట్టిగా విడదీసుకోలేదు. అందుకే కాపలాను నమూనా బయట పెడతారు. లోపలికి వెళ్ళే మాటను ఒకటి, బయటికి వచ్చే జవాబును ఇంకొకటి పరీక్షిస్తాయి. కాదనే వాక్యాన్ని మాత్రం నమూనాతో అల్లించకుండా మనుషులు ముందే రాసి పెట్టడం మేలు.

కాపలా సరిగా పనిచేస్తోందా లేదా అన్నది తిరస్కరించిన మెసేజీలు చదివితే తెలుస్తుంది. ఇంగ్లీషు పాఠాలతో తయారైన బాట్ అయితే అక్కడ `naa dabbulu cut ayyayi kani raledu` లాంటివి చాలానే పడి ఉంటాయి. కాదనిపించుకున్న కస్టమర్ కాసేపటికే అదే పని మీద కాల్ సెంటరుకు ఫోన్ చేశాడంటే, ఆ మెసేజీని పాఠాల్లో సరైన గడిలో చేర్చి బాట్‌కు మళ్ళీ నేర్పుతారు.