అంచు చెప్పినట్టు వినే ముఖం

పెళ్లిలో తీసిన గ్రూప్ ఫోటో ఒకటి ఉందనుకుందాం. అందరూ చక్కగా నిలబడ్డారు, సరిగ్గా క్లిక్‌మన్న క్షణంలో తాతగారు కళ్లు మూశారు. ఆయన ముఖం బాగా వచ్చిన ఫోటో ఇంకోటి ఉంది కానీ, అది రాత్రి పసుపు రంగు దీపాల కింద తీసింది. గ్రూప్ ఫోటో పొద్దున పందిరి నీడలో తీసింది. ఆ ముఖాన్ని తెచ్చి ఇక్కడ పెట్టాలి. పెట్టినట్టు ఎవరికీ తెలియకూడదు.

ఇందులో మొదటి సగం పని ఆకారానికి సంబంధించింది. ముఖం మీద కళ్ల కొసలు, ముక్కు, పెదవులు, కనుబొమలు, దవడ గీత వెంట గుర్తులు పెడతారు. డీలిబ్ అనే ప్రోగ్రామ్ ఇలాంటివి 68 చుక్కలు తనంతట తానే పెడుతుంది. ఆ చుక్కల్ని కలిపి ముఖాన్ని చిన్న చిన్న త్రిభుజాలుగా విడగొట్టి, ఒక్కో త్రిభుజాన్నీ సాగదీసో కుదించో, గ్రూప్ ఫోటోలో అదే చోటున్న త్రిభుజంలో సరిపెడతారు. తల కాస్త పక్కకు తిరిగి ఉన్నా, సైజు తేడా ఉన్నా ఇక్కడే సర్దుకుంటుంది. ఇంత చేసినా ముఖం ముసుగు తగిలించినట్టే ఉంటుంది. కళ్లు కళ్ల మీద కూర్చున్నాయి, పెదవులు పెదవుల మీద కూర్చున్నాయి, కానీ చర్మం పసుపుగా వెలుగుతోంది, మెడ మాత్రం నీడలో ఉంది. రెండింటి మధ్యా గీత గీసినట్టు కనిపిస్తుంది.

ఆ గీతను పోగొట్టడానికి చాలామంది మొదట అంచును మసకబారుస్తారు. అంచు దగ్గర కొత్త ముఖం పాలు తగ్గించుకుంటూ, పాత ఫోటో పాలు పెంచుకుంటూ పోవడం అన్నమాట. గీత పోతుంది, దాని చోట ఒక పట్టీ మిగులుతుంది. నడిమధ్య ముఖం ఎప్పటిలాగే పసుపుగా ఉంటుంది, చుట్టూ పొగ కమ్మినట్టు ఉంటుంది. రంగుల తేడా ముఖమంతటా ఉంటే, మందు అంచుకే పూస్తే ఎలా కుదురుతుంది?

2003లో కేంబ్రిడ్జ్‌లోని మైక్రోసాఫ్ట్ పరిశోధనశాలకు చెందిన పాట్రిక్ పెరెజ్, మిషెల్ గాంగ్నే, ఆండ్రూ బ్లేక్ దీనికో దారి చూపించారు. పాయిసన్ బ్లెండింగ్ అని ఇప్పుడు అందరూ అంటున్నది దాన్నే. ఈ పద్ధతికి పునాది మన కన్ను చూసే తీరులోనే ఉంది. ఒక చోట వెలుగు ఎంత ఉందో కన్ను అంతగా పట్టించుకోదు. పక్క చోటుకీ దీనికీ తేడా ఎంత అన్నదే గట్టిగా పట్టుకుంటుంది. మెల్లగా మారే రంగు కంటపడదు, ఉన్నట్టుండి మారేది వెంటనే పడుతుంది. అందుకని వాళ్లు తెచ్చిన ముఖం నుంచి రంగుల్ని తీసుకోవడం మానేసి, పక్కపక్క చుక్కల మధ్య తేడాల్ని మాత్రమే తీసుకున్నారు. అసలు రంగు ఎంత ఉండాలన్నది అంచు దగ్గరున్న పాత ఫోటో చెబుతుంది.

లెక్క చేసి చూస్తే ఇది తేలికే. ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గ దాకా అడ్డంగా ఒక వరస తీసుకుందాం. నిజానికి వందల పిక్సెళ్లుంటాయి, మనం ఐదే అనుకుందాం. నలుపుకి 0, తెలుపుకి 255 అని కొలత. తెచ్చిన ముఖంలో ఆ ఐదూ వరసగా 180, 182, 150, 185, 190. నడుమనున్న 150 ముక్కు పక్కనున్న నీడ. గ్రూప్ ఫోటోలో ఈ వరస రెండు కొసల దగ్గర చర్మం 100, 130 ఉంది. ఉన్నదున్నట్టు అతికిస్తే ఎడమ కొసన 80, కుడి కొసన 60 మెట్ల తేడా పడుతుంది. గీత అక్కడే పుట్టింది.

ఇప్పుడు రంగులు వదిలేసి తేడాలు చూద్దాం. తెచ్చిన ముఖంలో 2 పెరిగింది, 32 తగ్గింది, 35 పెరిగింది, 5 పెరిగింది. మొత్తం మీద 10 పెరుగుదల. గ్రూప్ ఫోటో కొసల మధ్య మాత్రం 30 పెరగాలి. తక్కువపడ్డ 20ని ఒకే చోట పడేస్తే మళ్లీ గీత పడుతుంది. నాలుగు మెట్లకూ సమానంగా, తలా 5 పంచితే వరస 100, 107, 80, 120, 130 అవుతుంది. రెండు కొసలూ పాత ఫోటోతో అచ్చంగా కలిశాయి. ముక్కు పక్క నీడ నీడగానే ఉంది. మారిందల్లా ప్రతి మెట్టులోనూ ఒక 5, దాన్ని కన్ను పట్టుకోలేదు.

ఈ ఐదు అంకెల్లో నాకు ముఖ్యమనిపించేది ఒకటుంది. కొత్త వరసలోంచి పాతది తీసేస్తే మిగిలేవి -80, -75, -70, -65, -60. అంటే ఈ పద్ధతి ముఖాన్ని కొత్తగా గీయడం లేదు. ఉన్న ముఖం మీద నునుపైన దిద్దుబాటు పొర ఒకటి కప్పుతోంది, అంతే. ఒక వరస కాక మొత్తం ముఖం తీసుకుంటే, ప్రతి పిక్సెల్ దగ్గరా దిద్దుబాటు దాని నాలుగు పక్కల దిద్దుబాట్ల సగటుకు సమానం కావాలన్నది నియమం. చట్రం ఎగుడుదిగుడుగా ఉన్న డప్పు మీద తోలు బిగించామనుకోండి. అంచు ఎక్కడ ఎంత ఎత్తుందో తోలు అక్కడ అంత ఎత్తుంటుంది, లోపలంతా ఎక్కడా విరుగు లేకుండా సాగుతుంది. ఆ దిద్దుబాటు పొర సరిగ్గా ఆ తోలు లాంటిదే. దీన్ని రాసే సమీకరణం గురుత్వాకర్షణ లెక్కల కోసం పుట్టింది, సిమియోన్ డెనిస్ పాయిసన్ అనే ఫ్రెంచ్ గణితవేత్త పేరు మీద వస్తోంది. ముఖం అడ్డంగా 300, నిలువుగా 300 పిక్సెళ్లుంటే తేల్చాల్సినవి 90 వేలు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు విడివిడిగా చేయాలి. వినడానికి భారీగా ఉన్నా, ఒక్కో సమీకరణంలోనూ ఉండేవి ఆ పిక్సెలూ దాని నాలుగు పక్కలూ మాత్రమే కాబట్టి కంప్యూటర్ చకచకా తేల్చేస్తుంది. ఓపెన్‌సీవీ అనే ఉచిత లైబ్రరీలో ఇదంతా `seamlessClone` అన్న ఒక్క పిలుపులో అయిపోతుంది.

అన్నీ అంచు చేతిలోనే ఉన్నాయి కాబట్టి చెడితే కూడా అంచు దగ్గరే చెడుతుంది. తాతగారి నుదుటి మీద ఒక పాయ జుట్టు పడి ఉంది, కత్తిరింపు గీత దాని మీదుగా వెళ్లిందనుకుందాం. అక్కడ పాత ఫోటో విలువ 30, తెచ్చిన ముఖంలో చర్మం 180. దిద్దుబాటు -150 అయింది. డప్పు చట్రాన్ని ఒక చోట లోపలికి నొక్కితే తోలు అక్కడ కుంగినట్టు, ఆ నలుపు నుదుటి లోపలికి మరకలా పాకుతుంది. గడ్డం కింద గీత చొక్కా కాలర్‌ని తాకినా ఇదే జరుగుతుంది. తెల్ల కాలరయితే దవడ పాలిపోతుంది. అందుకే ఈ పనిలో ఆరితేరినవాళ్లు దవడ గీత నుంచి కొన్ని పిక్సెళ్లు లోపలికి జరిగి, చర్మం మీద చర్మమే పడేలా కత్తిరిస్తారు. ఆ 68 చుక్కలు కనుబొమలతో ఆగిపోవడం ఇక్కడ కలిసొస్తుంది. నుదురూ జుట్టూ పాత ఫోటోవే ఉండిపోతాయి, పేచీ తగ్గుతుంది.

ఓపెన్‌సీవీలో `MIXED_CLONE` అని ఇంకో రకం ఉంది. రెండు ఫోటోల్లో ఎక్కడ తేడా బలంగా ఉంటే దాన్ని ఉంచుతుంది. గోడ మీద రాతలు అతికించడానికి అది బాగుంటుంది. ముఖానికి వాడితే మాత్రం కొత్త కళ్ల వెనక నుంచి పాత మూసిన రెప్పల గీతలు, కనుబొమల పక్కనే ఇంకో కనుబొమా తొంగిచూస్తాయి. ముఖాలకు `NORMAL_CLONE` మాత్రమే వాడాలి.

అన్నీ కుదిరినా ఈ పద్ధతి సరిచేయలేనివి కొన్ని ఉంటాయి. అతికించిన ముఖాన్ని గుర్తుపట్టాలంటే వాటినే వెతకాలి. అంచుల్లో వెతికి లాభం లేదు, అక్కడ అంతా శుభ్రంగా ఉంటుంది. ఫోటోను పెద్దది చేసి మెడ చర్మాన్నీ బుగ్గనూ పక్కపక్కన చూడండి. తేడాలన్నీ తెచ్చిన ఫోటో నుంచే వచ్చాయి కదా, దాని గరుకుతనం కూడా వాటితోపాటే వచ్చేసింది. రాత్రి ఫోటోలోని గరుకు బుగ్గ మీద ఉండి, మెడ నున్నగా ఉంటే అనుమానించాల్సిందే. తర్వాత కళ్ల తెల్లగుడ్డు చూడండి. దిద్దుబాటు పొరకు చర్మమేదో కన్నేదో తెలియదు, పసుపు తగ్గించడానికి వేసిన నీలపు ఛాయ తెల్లగుడ్డుకీ పళ్లకీ పూసేస్తుంది. చివరగా ముక్కు నీడ ఎటు పడిందో చూడండి. రాత్రి దీపం ఎడమ పక్క నుంచి వెలిగితే నీడ కుడి వైపే ఉంటుంది. గ్రూప్ ఫోటోలో పక్కనున్నవాళ్లందరి నీడలూ ఎడమకు పడుతుంటే తాతగారి ముక్కు ఒక్కటే వేరే వేళను చూపిస్తుంటుంది.