20 నిమిషాల ప్రసంగం, 12 నిమిషాల చీటీ

సభ సాయంత్రం 6 గంటలకని ఆహ్వానపత్రంలో ఉంటుంది. హాలును 9 గంటలకు ఖాళీ చేయాలి. అంటే చేతిలో ఉన్నది 180 నిమిషాలు. మన సభల్లో చాలాచోట్ల జరిగేట్టే 40 నిమిషాలు ఆలస్యంగా మొదలైందనుకుందాం. 140 మిగిలాయి. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన, వేదిక మీదికి ఆహ్వానాలు, శాలువాలు, జ్ఞాపికలు కలిపి 45 నిమిషాలు. ముఖ్య అతిథికి 30, అధ్యక్షుడికి 15. ఇవన్నీ పోగా మిగిలింది 50 నిమిషాలు. నలుగురు వక్తలకు తలా 20 నిమిషాలిస్తామని ముందే మాట ఇచ్చారు కాబట్టి కావలసింది 80. పంచితే ఒక్కొక్కరికి వచ్చేది పన్నెండున్నర. నిర్వాహకుడు వచ్చి చెవిలో చెబుతాడు: “మాస్టారూ, ఏమీ అనుకోకండి, పన్నెండు నిమిషాల్లో ముగించాలి.”

ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. కోత పెట్టడానికి వీలున్న చోటు మధ్య వక్తల సమయమే. అందుకే ఈ కోత వస్తుందన్న లెక్కతోనే ప్రసంగాన్ని ఇంటి దగ్గరే ముక్కలుగా కట్టుకుని, ఎక్కడ తెంచాలో గీతలు గీసుకుని వెళ్లాలి. వేదిక మీద నిలబడి ఏది వదలాలా అని ఆలోచించే వక్త సాధారణంగా తప్పు ముక్కనే వదులుతాడు. మొదట్లో తాపీగా మాట్లాడి, సమయం మించేసరికి చివరిదాన్ని వదిలేస్తాడు. అసలు సంగతి ఉండేది ఆ చివర్లోనే.

ముందుగా మీ వేగం

ఇంగ్లిష్ పుస్తకాల్లో నిమిషానికి ఇన్ని మాటలని రాసిన లెక్క తెలుగుకు పనికిరాదు. మన మాటలు పొడుగు, ఒక్క క్రియలోనే సగం వాక్యం ఇమిడిపోతుంది. కాబట్టి ఎవరి వేగం వారే కొలుచుకోవాలి. అచ్చులో ఉన్న ఒక పేజీ తీసుకుని, లేచి నిలబడి, వెనక వరసకు వినబడేంత గొంతుతో చదవండి. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి, మాటల సంఖ్యను నిమిషాలతో భాగించండి. కూర్చుని మనసులో చదువుకుంటే వచ్చే అంకె వేదిక మీద నిలవదు. ఇక్కడ ఉదాహరణకు నిమిషానికి 80 మాటలనుకుందాం.

రెండో లెక్క, ఇచ్చిన సమయంలో 85 శాతానికే రాసుకోవడం. 20 నిమిషాలిస్తే 17 నిమిషాల సరుకు, అంటే 1,360 మాటలు. మిగతా 3 నిమిషాలు మైకు ఎత్తు సరిచేయడానికీ, చప్పట్లకూ, మధ్యలో ఒక పెద్దాయన వేదికెక్కితే ఆగడానికీ ఖర్చవుతాయి.

ఇదే 17 నిమిషాల సరుకును గబగబా చదివి 9 నిమిషాల్లో దాటించాలంటే నిమిషానికి 151 మాటలు పలకాలి. అంటే మామూలు వేగానికి దాదాపు రెట్టింపు. వినేవారికి శబ్దం అందుతుందే తప్ప సంగతి అందదు. వేగం పెంచడం దారి కాదు, సరుకే తగ్గాలి.

ఒక ప్రసంగాన్ని కట్టి చూద్దాం

సందర్భం ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం. 1863లో అదే తేదీన పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి గురించి 20 నిమిషాలు మాట్లాడాలి. వక్త చెప్పదలచుకున్నది ఒకే మాట: గిడుగు వ్యావహారిక భాష కోసం నిలబడటానికీ, సవరల భాష నేర్చుకోవడానికీ మూలం ఒక్కటే, జనం నోట ఉన్న భాషకు గౌరవం ఇవ్వాలన్న పట్టుదల. దీన్ని ఇలా ముక్కలు చేద్దాం.

- క. వేదికకు నమస్కారం, ఆపైన అసలు మాట: 1:30
- ఖ. బాల్యం, పర్లాకిమిడిలో బడిపంతులు ఉద్యోగం: 3:00
- గ. సవర భాష నేర్చుకోవడం: 1:30
- గ కొనసాగింపు. సవర పిల్లలకు చదువు, 1931లో వెలువడిన సవర భాషా గ్రంథం: 2:30
- ఘ. వ్యావహారిక భాష కోసం వాదన: 2:00
- ఘ కొనసాగింపు. 1919లో పెట్టిన ‘తెలుగు’ పత్రిక, పండితులతో చర్చలు: 2:30
- చ. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు ఊరు వదలడం: 2:30
- ఛ. ముగింపు: 1:30

మొత్తం 17 నిమిషాలు. ఇందులో క, గ, ఘ, ఛ వదలకూడనివి. వాటికి పట్టేది 6:30. మిగిలిన నాలుగూ కలిపి 10:30, వీటిని వదలవచ్చు. గ, ఘ ముక్కలను రెండేసిగా విడగొట్టడం గమనించండి. ఒక విషయాన్ని మొత్తంగా తీసేయడం కంటే దాని సారాన్ని ఉంచి వివరాన్ని తీసేయడం మేలు. సారం ముందు రావాలి, వివరం తర్వాత రావాలి. అప్పుడే మధ్యలో గీత గీయడం సాధ్యం.

కోత వరస ముందే ఖాయం కావాలి

వదలదగిన ముక్కలు నాలుగున్నాయి. ఏది వదలాలో అప్పటికప్పుడు తేల్చుకుంటే 16 రకాల ప్రసంగాలు తయారవుతాయి. అన్నింటినీ ఎవరూ సాధన చేయలేరు. ఏది మొదట పోవాలో, ఏది తర్వాత పోవాలో వరస ఖాయం చేసుకుంటే ఆ 16 కాస్తా 5 అవుతాయి.

ఆ వరస ఎలా తేలుతుంది? బాల్యం అందరికీ తెలిసిందే కదా, ముందు అదే పోనిద్దామని ఎవరికైనా తోస్తుంది. కానీ ‘చ’ ముక్కను చూడండి. దశాబ్దాల పాటు పనిచేసిన ఊరిని గిడుగు వదిలి రాజమండ్రి చేరడం శ్రోత మనసుకు తాకాలంటే, ఆయనకు ఆ ఊరితో ఉన్న బంధం ముందు తెలియాలి. అది ‘ఖ’లో ఉంది. ‘ఖ’ను తీసేసి ‘చ’ను ఉంచితే ఒక తేదీ, ఒక ప్రయాణం మిగులుతాయి, బాధ మిగలదు. కాబట్టి సూత్రం ఇది: ఆధారపడిన ముక్క ముందు పోవాలి, దానికి ఆధారమైన ముక్క ఆ తర్వాతే పోవాలి. ఆ లెక్కన వరస ఇలా వస్తుంది.

- ఏమీ తీయకపోతే 17:00
- ‘చ’ తీస్తే 14:30
- ‘ఖ’ కూడా తీస్తే 11:30
- ‘గ కొనసాగింపు’ తీస్తే 9:00
- ‘ఘ కొనసాగింపు’ కూడా తీస్తే 6:30

ఇప్పుడు నిర్వాహకుడు 12 నిమిషాలన్నాడు. అందులో 85 శాతం అంటే 10 నిమిషాల పైచిలుకు. 11:30 పట్టదు, కాబట్టి 9:00 ప్రసంగం తీయాలి. మిగిలే నిమిషం చిల్లరలో ఇంకో చిన్న సంగతి దూర్చాలన్న ఆశ వద్దు. 15 అంటే 12:45 వస్తుంది, 11:30 ప్రసంగం సరిపోతుంది. 8 అంటే 6:48, అప్పుడు 6:30 ప్రసంగం.

5 నిమిషాలే అంటే? చేతికొచ్చేది 4:15. అది వదలకూడని ముక్కల మొత్తం కంటే తక్కువ. ఇక్కడ ముక్కలు తీయడం సరిపోదు, రెండు సంగతుల్లో ఒకదాన్ని ఎంచుకోవాలి. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదవకుండా ఒక్క నమస్కారంతో సరిపెడితే ‘క’ 45 సెకన్లకు దిగుతుంది. దానికి ‘ఘ’ రెండు నిమిషాలు, ముగింపు నిమిషంన్నర కలిపితే సరిగ్గా 4:15. సవర సంగతి ముగింపులో ఒక వాక్యంగా వస్తుంది.

అతుకు దగ్గరే బయటపడుతుంది

ముక్క తీసిన చోట ప్రసంగం కుంటితే కారణం చాలాసార్లు చిన్న మాటే. ‘గ’ ముక్క “అక్కడి సంతకు వచ్చే సవరలతో ఆయన మాట్లాడాలనుకున్నారు” అని మొదలైందనుకోండి. ‘ఖ’ పోయాక ‘అక్కడి’ అంటే ఎక్కడి? “పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్న గిడుగు, ఊరికి వచ్చే సవరలతో మాట్లాడాలనుకున్నారు” అని రాసుకుంటే, ‘ఖ’ ఉన్నా లేకపోయినా వాక్యం నిలుస్తుంది. ముక్కలన్నీ రాశాక ప్రతి ముక్కలో మొదటి వాక్యాన్ని మాత్రమే చదవండి. ‘అక్కడ’, ‘ఆయన’, ‘ఇందాక చెప్పినట్టు’, ‘మూడో కారణం’ వంటివి కనిపిస్తే మార్చేయండి. “నాలుగు విషయాలు చెబుతాను” అని ఆరంభంలో అనడం కూడా ప్రమాదమే. రెండే చెప్పి దిగిపోతే శ్రోతలు మిగతా రెండింటి కోసం చూస్తారు.

సాధన చేయవలసిందీ అతుకుల దగ్గరే. పై వరసలో కోత వల్ల కొత్తగా పుట్టే అతుకులు ఐదే: ‘ఘ కొనసాగింపు’ నుంచి ముగింపుకు, ‘క’ నుంచి ‘గ’కు, ‘గ’ నుంచి ‘ఘ’కు, ‘ఘ’ నుంచి ముగింపుకు, 5 నిమిషాల ప్రసంగంలో ‘క’ నుంచి ‘ఘ’కు. ఒక్కో అతుకులో ఇటు చివరి వాక్యం, అటు మొదటి వాక్యం పైకి అంటే 20 సెకన్లు పడుతుంది. మొత్తం 100 సెకన్లు.

మాట్లాడుతుండగా చీటీ వస్తే

వేదికెక్కక ముందే చెప్పే నిర్వాహకుడు ఉపకారం చేసినట్టే. కష్టమైనది నడిమధ్యలో వచ్చే చీటీ. దీనికోసం ముక్కకో కార్డు రాసుకోండి. కుడివైపు పైన, అది ముగిసేసరికి గడియారంలో ఎంత కావాలో పెద్ద అంకెల్లో వేయండి. టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుల్లో 5 నుంచి 7 నిమిషాల ప్రసంగానికి 5 దగ్గర పచ్చ దీపం, 6 దగ్గర పసుపు, 7 దగ్గర ఎరుపు చూపిస్తారు. మన సభల్లో దీపాలుండవు, ఆ పని కార్డు మీది అంకె చేయాలి. వదలదగిన కార్డులకు అంచున ఎర్ర గీత, దాని పక్కన కోత వరస సంఖ్య ఉండాలి. ముగింపు కార్డు రంగే వేరుగా ఉంటే చెయ్యి తడుముకోదు.

పూర్తి ప్రసంగం నడుస్తోంది, 7వ నిమిషంలో “2 నిమిషాలు” అని చీటీ వచ్చింది. అప్పటికి మీరు ‘గ కొనసాగింపు’ మధ్యలో ఉంటారు. చెబుతున్న సంగతిని 20 సెకన్లలో పూర్తిచేసి, నేరుగా ముగింపు కార్డు తీయండి. మొత్తం 1:50. వ్యావహారిక భాషా వాదన మొత్తం ఎగిరిపోయింది, నిజమే. అయినా ప్రసంగం చెడదు. ఎందుకంటే అసలు మాట ‘క’లో మొదటి నిమిషంన్నరలోనే చెప్పేశారు. ముగింపును కూడా ‘ఘ’ మీద ఆనుకోకుండా, దానిలోని బలమైన ఒక్క సంగతిని మళ్లీ చెప్పేలా రాసుకున్నారు. ఈ రెండు జాగ్రత్తలూ లేకపోతే ఎన్ని గీతలు గీసినా ఆ చీటీ ముందు నిలవలేరు. “సమయం లేదంటున్నారు కాబట్టి” అనే వివరణకు 15 సెకన్లు పోతాయి, శ్రోత ధ్యాసంతా పోయినదాని మీదికి మళ్లుతుంది. దాన్ని అనకండి.

ఈ పద్ధతికి ఒక హద్దుంది. ప్రతి మెట్టూ కింది మెట్టు మీదే నిలిచే ప్రసంగాలుంటాయి: ఒక గణిత నిరూపణ, ఒక చట్టపరమైన వాదన. వాటిలో మధ్య మెట్టు తీస్తే పైది కూలుతుంది. అలాంటిచోట మెట్లన్నీ ఉంచి, ఒక్కో మెట్టుకు ఇచ్చే మూడు ఉదాహరణల్లో రెండింటికి గీత గీయాలి.

చివరి పరీక్ష ఇంట్లోనే పెట్టుకోవచ్చు. కార్డులు పట్టుకుని మాట్లాడుతుండగా ఇంట్లోవారిని తమకు తోచిన క్షణంలో “మూడు నిమిషాలు” అనమనండి. ముగిశాక ఒక్కటే అడగండి: “ఏం చెప్పాను?” వాళ్లు ‘క’ ముక్కలోని ఆ ఒక్క మాటను తిరిగి చెప్పగలిగితే మీ గీతలు సరైన చోటే పడ్డాయి. చెప్పలేకపోతే సవరించవలసింది కోత వరసను కాదు, మొదటి కార్డునూ చివరి కార్డునూ.